ఉదయపు యోగా క్యారౌసెల్: స్లైడ్‌కు ఒక్క జాగ్రత్తే రాయాలంటే ఏ ఆసనాలు ఉంచాలి, ఏవి తీసేయాలి

ప్రశ్న: "నేను యోగా టీచర్‌నండీ. పొద్దున్నే చేసుకునే చిన్న వరుస ఒకటి ఇన్‌స్టాలో క్యారౌసెల్‌గా పెడదామనుకుంటున్నా. స్లైడ్‌కి ఒక ఆసనం, ఒక శ్వాస సూచన, ఒక జాగ్రత్త. తాడాసనం, పాదహస్తాసనం, అధోముఖ శ్వానాసనం, భుజంగాసనం, శశాంకాసనం, శవాసనం అనుకున్నా. కవర్ మీద '5 నిమిషాల ఉదయం' అని పెడతా. జాగ్రత్త ఒక్కటే రాయాలంటే ఏది రాయాలో తేలడం లేదు, ఒక్కోదానికి నాలుగైదు వస్తున్నాయి. డిజైన్ గురించి కూడా చెప్పగలరు."

సమాధానం:

ఒక ఆసనానికి నాలుగు జాగ్రత్తలు రాయక తప్పదనిపిస్తే, ఆ ఆసనం క్యారౌసెల్‌లో ఉండకూడదు. తరగతిలో అదే ఆసనం నిక్షేపంగా చేయించవచ్చు. ఎదురుగా మీరుంటారు, ఎవరికి బీపీ ఉందో తెలుసు, మోకాలు వంకర పోతే వెళ్లి సరిచేస్తారు. ఫోన్ చూసి చేసే మనిషికి ఆ ఒక్క వాక్యమే టీచర్. కాబట్టి జాగ్రత్తలు వడపోసే ముందు ఆసనాలను వడపోయండి. మీరు రాసిన ఆరింటిలో రెండు అలాగే ఉంటాయి, రెండు రూపం మార్చుకుంటాయి, రెండు పోతాయి, కొత్తగా ఒకటి చేరుతుంది.

ముందు జాగ్రత్తను ఎలా ఎంచుకోవాలో చూద్దాం. ఆసనం వల్ల జరిగే హాని రెండు రకాలు. ఒకటి నొప్పి పెట్టి తనే చెప్పేస్తుంది: మణికట్టు లాగుతుంది, మోకాలి చిప్ప నేలకు ఒత్తుకుంటుంది, తొడ వెనక కండరం పట్టేస్తుంది. ఇవి మీరు రాయకపోయినా చేసేవాళ్లు ఆపేస్తారు. రెండోది చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. కంటి లోపల ఒత్తిడి పెరిగితే తెలియదు. గుల్లబారిన వెన్నుపూస ఎంత బరువు మోస్తోందో తెలియదు. లేచి నిలబడ్డాక తల తిరుగుతుందని ముందే తెలియదు. స్లైడ్ మీద ఉన్న ఒక్క చోటూ ఈ రెండో రకానికే ఇవ్వండి. "మణికట్టు నొప్పి ఉంటే పిడికిలి మీద చేయండి" లాంటివి మంచివే, కింద క్యాప్షన్‌లో రాసుకోవచ్చు.

ఈ లెక్కన అధోముఖ శ్వానాసనాన్ని చూడండి. నొప్పితో తెలిసేవి పక్కన పెట్టినా గ్లకోమా, అదుపులో లేని బీపీ, రెటీనా సమస్య, తల తిరుగుడు మిగులుతాయి. నాలుగింటికీ కారణం ఒకటే, తల గుండెకంటే కిందికి పోవడం. 2015లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో తల కిందికుండే నాలుగు భంగిమల్లో కంటి ఒత్తిడి కొలిచారు. గ్లకోమా ఉన్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ నిమిషంలోపే పెరిగింది. నాలుగింటిలోకీ ఎక్కువ పెరిగింది ఈ ఆసనంలోనే. గ్లకోమా ఉన్న చాలామందికి తమకు అది ఉన్న సంగతి పరీక్ష చేయించుకునేదాకా తెలియదు. "గ్లకోమా ఉన్నవారు చేయవద్దు" అన్న వాక్యం తెలిసినవాళ్లనే కాపాడుతుంది. ఆసనం రూపం మార్చేస్తే తెలియనివాళ్లు కూడా గట్టెక్కుతారు.

మార్చడం కష్టం కాదు. గోడ ముందు నిలబడి, రెండు అరచేతులు గోడకు నడుము ఎత్తులో ఆనించి, చేతులు చాచుకునేదాకా అడుగులు వెనక్కి వేయాలి. మోకాళ్లు కొద్దిగా వంచి తుంటి దగ్గర మడవాలి, నడుము దగ్గర కాదు. వీపు నేలకు సమాంతరంగా వస్తుంది, చెవులు పై చేతుల పక్కనే ఉంటాయి. భుజాలు, పక్కటెముకలు, తొడ వెనక భాగం దాదాపు అంతే సాగుతాయి. తల మాత్రం గుండె మట్టానికి అటూ ఇటూగా ఉండిపోతుంది. అప్పుడు రాయాల్సిన జాగ్రత్త ఒక్కటే మిగులుతుంది, తల వేలాడేయకూడదని. కళ్ల సమస్య, బీపీ ఉన్నవాళ్లకు అదే వాక్యంలో చేతులు ఇంకాస్త పైకి, భుజాల ఎత్తులో పెట్టమని చెప్పేయవచ్చు.

పాదహస్తాసనం పొద్దున వరుసలోంచి తీసేయడానికి కారణం వేరు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. మనిషి సాయంత్రం కంటే ఉదయం సెంటీమీటరు పైచిలుకు పొడవుండేది అందుకే. ఉబ్బిన డిస్కు ఉన్న నడుమును ముందుకు వంచితే, అదే వంపుకు సాయంత్రం కంటే ఉదయం డిస్కు మీద, లిగమెంట్ల మీద ఒత్తిడి చాలా ఎక్కువ పడుతుంది. లేచిన మొదటి గంటలోనే ఆ నీరు దాదాపు సగం దిగిపోతుంది. అంటే మీ వరుస చేసే సమయం, నడుము వంచకూడని సమయం ఒకటే. పైగా నిద్ర లేచిన తొడ కండరాలు బిగుసుకుని ఉంటాయి. తుంటి తిరగదు, ఆ వంపంతా నడుమే భరించాలి. చేతివేళ్లు పాదాలకు తగలాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఎలాగైనా తగిలించి చూపిస్తారు, దెబ్బ అక్కడే. ఇదే ఆసనాన్ని సాయంత్రం వరుసకు దాచుకోండి.

శశాంకాసనం కూడా పొద్దున పూట వద్దంటాను. నడుము గుండ్రంగా వంగుతుంది, తల నేలకు దిగుతుంది, మోకాళ్లు పూర్తిగా ముడుచుకుంటాయి. ఒకే స్లైడ్‌లో మూడు సంగతులు. దాని బదులు మార్జాలాసనం పెట్టండి. వీపు రెండు వైపులా కదులుతుంది, బరువు చేతుల మీదా మోకాళ్ల మీదా పంచుకుంటుంది కనుక నిలబడి వంగినప్పుడు పడేంత భారం నడుము మీద పడదు.

ఇక వరుస. నిలబడి చేసేవి రెండూ ముందు, నేల మీదివి తర్వాత పెట్టండి. నేల మీదికి ఒక్కసారి దిగితే చాలు, మధ్యలో లేవక్కర్లేదు. చాలామంది తూలేది ఆసనంలో కాదు, ఒక ఆసనం నుంచి మరోదానికి మారేటప్పుడు. క్యారౌసెల్‌లో ఆ మారడానికి ఫొటో ఉండదు. తాడాసనం, గోడ దగ్గర శ్వానాసనం, మార్జాలాసనం, సరళ భుజంగాసనం, శవాసనం. ఐదే. కవర్, "ఎవరు చేయకూడదు" స్లైడ్, చివర మొత్తం వరుస ఒకే చోట ఉన్న స్లైడ్ కలిపి ఎనిమిది. ఇన్‌స్టా ఇప్పుడు ఒక పోస్టులో ఇరవై దాకా పెట్టనిస్తుంది కదా అని పెంచుకుంటూ పోవద్దు.

సమయం కూడా లెక్క కట్టి చూడండి. తీరిగ్గా పీల్చి వదిలే ఒక శ్వాసకు దాదాపు 10 సెకన్లు. తాడాసనం ఐదు శ్వాసలు, గోడ దగ్గర ఆరు, మార్జాలాసనం ఎనిమిది చుట్లు, భుజంగాసనం మూడుసార్లు మధ్యలో విశ్రాంతితో, శవాసనం రెండు నిమిషాలు, మారడానికి ఒక నిమిషం. అన్నీ కలిపితే ఏడున్నర నిమిషాల దగ్గర తేలుతుంది. కవర్ మీద "5 నిమిషాలు" అంటే కోత పడేది రెండు చోట్ల: శ్వాస పొట్టిదవుతుంది, శవాసనం ఎగిరిపోతుంది. "8 నిమిషాలు" అని రాయండి. ఎనిమిది చూసి పారిపోయేవాళ్లు ఐదు చూసినా చేయరు.

ఇప్పుడు స్లైడ్ల మీది మాటలు. జాగ్రత్త వాక్యంలో మూడు ఉండాలి: ఎవరు, ఏది చేయొద్దు, బదులుగా ఏం చేయాలి. "వెన్నునొప్పి ఉన్నవారు జాగ్రత్తగా చేయాలి" అన్న వాక్యం అన్ని పోస్టుల్లోనూ కనిపిస్తుంది. దానితో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. ఆ మనిషి చేయాలా, మానాలా? జాగ్రత్తగా అంటే నెమ్మదిగానా, తక్కువ ఎత్తుకా? "నిపుణుల పర్యవేక్షణలో చేయండి" కూడా అంతే. ఫోన్ పట్టుకుని ఒంటరిగా చేసేవాళ్లకే మీరు పోస్టు పెడుతున్నారు మరి.

తాడాసనం స్లైడ్ ఇలా ఉండొచ్చు:

తాడాసనం, 5 శ్వాసలు
జాగ్రత్త: తల తిరిగే అలవాటు ఉంటే మడమలు ఎత్తొద్దు. చేతులు మాత్రమే ఎత్తండి.
శ్వాస: పీలుస్తూ చేతులు, మడమలు పైకి. వదులుతూ కిందికి.

ఆయుష్ శాఖ వారి సాధారణ యోగా కార్యక్రమంలో కూడా తాడాసనానికి ఇలాంటి హెచ్చరికే ఉంది. అందులో గుండె సమస్య, ఉబ్బిన కాలి నరాలు కూడా చేర్చారు. వాటిని మీరు క్యాప్షన్‌లో పెట్టవచ్చు. ఫొటో మాత్రం గోడ పక్కన నిలబడి తీయించుకోండి. గోడ ఉంటే తూలినా చెయ్యి ఆనుతుంది, చూసేవాళ్లు కూడా తెలియకుండానే గోడ దగ్గరికి వెళ్తారు. రెండో ఆసనానికి గోడ ఎలాగూ కావాలి.

గోడ దగ్గర శ్వానాసనానికి శ్వాస సూచన రాయడంలోనే తేడా వస్తుంది. ఇది కదిలే ఆసనం కాదు, ఆగి ఉండేది. కదిలేదానికి శ్వాసను కదలికతో ముడిపెట్టాలి. ఆగి ఉండేదానికి ఆ ముడి కుదరదు, వదిలే శ్వాస ఎక్కడ పని చేయాలో చెప్పాలి. "4 లెక్కపెడుతూ పీల్చండి. 6 లెక్కపెడుతూ వదలండి, తుంటి వెనక్కి జరగనివ్వండి." ఎవరికైనా 6 లెక్క దాకా అందకపోతే, చివర్లో ఊపిరి గబుక్కున లాక్కోవలసి వస్తే, 3 పీల్చి 4 వదలమని క్యాప్షన్‌లో రాయండి. ఊపిరి బిగబట్టడం మాత్రం ఈ వరుసలో ఎక్కడా వద్దు. కుంభకం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పాల్సింది. బీపీ ఉన్నవాళ్లు స్లైడ్ చూసి బిగబట్టకూడదు.

మార్జాలాసనం దగ్గర ఆగి ఆలోచించండి, ఎందుకంటే అందరూ ఇక్కడ మోకాళ్లు, మణికట్ల గురించే రాస్తారు. అవి నొప్పితో తెలిసేవి. తెలియనిది ఎముకల సంగతి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో ఎముకలు గుల్లబారడం మామూలు. అలాంటి వెన్నును ముందుకు గట్టిగా గుండ్రంగా వంచితే వెన్నుపూస ముందు అంచు నలిగి చిట్లవచ్చు. ఆస్టియోపొరోసిస్ ఉన్నవాళ్లకు వెన్నును ముందుకు వంచే వ్యాయామాలు వద్దని, వెనక్కి సాగదీసేవి మేలని వైద్యులు చెప్పడానికి కారణం అదే. ఉదయపు పోస్టులు చూసి చేసేవాళ్లలో అమ్మలు, అత్తయ్యలే ఎక్కువ కనుక ఈ స్లైడ్‌లో చోటు వాళ్లకే ఇవ్వాలి:

మార్జాలాసనం, 8 చుట్లు
జాగ్రత్త: ఎముకలు గుల్లబారినవారు వీపు పైకి గుండ్రంగా ఎత్తొద్దు. సమంగా ఉన్నచోట ఆపండి.
శ్వాస: పీలుస్తూ ఛాతీ ముందుకు, పొట్ట కిందికి. వదులుతూ వీపు పైకి.

దీనికి రెండు ఫొటోలు కావాలి, ఒకే స్లైడ్‌లో పక్కపక్కన. పీల్చే ఫొటో ఎడమవైపు, వదిలేది కుడివైపు, ప్రతిదాని కింద ఒకే మాట: "పీలుస్తూ", "వదులుతూ". ఒక ఫొటోనే పెట్టి బాణం గీస్తే సగంమంది శ్వాస తిరగేసి చేస్తారు. తిరగేసినట్టు ఎలా తెలుస్తుందంటే, వీపు పైకెత్తే క్షణంలో పొట్ట ఉబ్బి అడ్డుపడుతుంది, కదలిక తెగుతుంది. గచ్చు మీద దుప్పటి పరిచి చేస్తే దుప్పటి జారుతుందన్నది కూడా క్యాప్షన్‌లో ఒక ముక్క. టైల్స్ మీద చాప కూడా అంతే. మోకాళ్ల కింద మడిచిన తువ్వాలు మ్యాట్ మీద వేసుకోవాలి గానీ నేరుగా టైల్ మీద కాదు.

భుజంగాసనంలో పూర్తి ఎత్తు పొద్దున్నే వద్దు. మోచేతులు నేల మీదే ఉంచి చేసే సరళ భుజంగాసనం సరిపోతుంది. మోచేతులు భుజాల కింద, బొడ్డు నేలకు తగిలి ఉండాలి. బొడ్డు లేచిందంటే ఎత్తు ఎక్కువైనట్టే, వంపంతా నడుము కింది రెండు పూసల దగ్గర పడుతుంది. మీ ఫొటోలోనే దీన్ని పట్టుకోవచ్చు: నడుము దగ్గర దుస్తుల మీద ఒకేచోట లోతైన ముడత కనిపిస్తే ఆ ఫొటో పారేయండి. వంపు వీపు పైభాగం నుంచి సాఫీగా రావాలి. చూసేవాళ్లు వాక్యం కన్నా ముందు ఫొటోనే అనుకరిస్తారు, మీరు ఎంత ఎత్తు లేస్తే వాళ్లూ అంత లేవాలని చూస్తారు. అందుకే మీకు చేతనైన అత్యుత్తమ భంగిమను కాదు, వాళ్లు ఆగాల్సిన భంగిమను ఫొటో తీయించుకోండి. శిక్షణ తీసుకున్న టీచర్లకు ఇది కాస్త మింగుడుపడదు, అయినా తప్పదు.

దీనికి జాగ్రత్త రాసేటప్పుడు రోగాల పేర్లు వరుసగా పేర్చకుండా కారణం పట్టుకోండి. ఇక్కడి కారణం పొట్ట మీద ఒత్తిడి. "హెర్నియా ఉంటే బోర్లా పడుకోవద్దు. గోడకు మోచేతులు ఆనించి నిలబడి ఛాతీ పైకెత్తండి." శ్వాస: "పీలుస్తూ ఛాతీ పైకి. పైన ఒక శ్వాస. వదులుతూ కిందికి." ఆ "పైన ఒక శ్వాస" అన్న ముక్క మానేయకండి. అది లేకపోతే చాలామంది పైకి లేచాక ఊపిరి బిగబడతారు. మెడ నరాలు ఉబ్బి ముఖం ఎర్రబడటం దానికి గుర్తు.

శవాసనానికి జాగ్రత్త ఏముంటుందిలే అని ఖాళీ వదిలేస్తుంటారు. జాగ్రత్త ఆసనంలో లేదు, లేవడంలో ఉంది. పడుకున్న మనిషి ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి బీపీ కాసేపు పడిపోతుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది మరీ ఎక్కువ. "ఒక్కసారిగా లేవొద్దు. కుడిపక్కకు తిరిగి, కూర్చుని, 5 శ్వాసలయ్యాక నిలబడండి." ఇది ఎవరికో కాదు, అందరికీ వర్తిస్తుంది కాబట్టి "ఎవరు" అనే మాట అక్కర్లేదు. శ్వాస సూచనలో లెక్కలు పెట్టకండి. "శ్వాసను దాని మానాన వదిలేయండి. పొట్ట లేచి దిగడం గమనించండి." అంతే.

రెండో స్లైడ్ "ఎవరు చేయకూడదు" గురించి. గర్భిణులు, గత మూడు నెలల్లో ఆపరేషన్ అయినవారు, నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి ఉన్నవారు, రెటీనా సమస్యకు చికిత్సలో ఉన్నవారు. వీళ్లను ఒక్కో ఆసనం దగ్గర సర్దడానికి ప్రయత్నించకండి. గర్భిణుల కోసం వేరే వరుస చేయాలి. బోర్లా పడుకోవడం, నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా పడుకోవడం, రెండూ వాళ్లకు ఇబ్బందే కాబట్టి మీ వరుసలో చివరి రెండు ఆసనాలూ వాళ్లకు పనికిరావు.

ఇక్కడో చిక్కుంది. జనం క్యారౌసెల్ మొత్తం పంచుకోరు. నచ్చిన ఒక్క స్లైడ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అప్పుడు భుజంగాసనం ఒక్కటే వెళ్తుంది, రెండో స్లైడ్ వెళ్లదు. అందుకని ప్రతి ఆసనం స్లైడ్ అడుగున సన్నని పట్టీలో "గర్భిణులు, ఈ మధ్య ఆపరేషన్ అయినవారు చేయొద్దు" అని, పక్కన మీ హ్యాండిల్ పెట్టండి. అన్నింటిలో ఒకే చోట, ఒకే మాట. ఇది మీ "ఒక్క జాగ్రత్త" లెక్కలోకి రాదు.

చోటు విషయం. చాలామంది పైన ఫొటో, కింద సూచన, అట్టడుగున చిన్న అక్షరాల్లో జాగ్రత్త పెడతారు. ఫొటో కనపడగానే మనిషి చేయడం మొదలుపెట్టేస్తాడు, అడుగు దాకా చదవడు. పైన ఆసనం పేరు, దాని కిందే జాగ్రత్త, తర్వాత ఫొటో, ఫొటో కింద శ్వాస. జాగ్రత్తను ఎరుపులో రాయక్కర్లేదు. లేత పసుపు పట్టీ మీద నల్ల అక్షరాలు చాలు. ఐదు స్లైడ్లలో ఎర్ర అక్షరాలు వరుసగా వస్తే మూడోదానికి కన్ను పట్టించుకోవడం మానేస్తుంది.

సైజు 1080 × 1350 తీసుకోండి. మొదటి స్లైడ్ కొలతే మిగతావాటికీ వర్తిస్తుంది కాబట్టి అన్నీ ఒకేలా ఉండాలి. మీ ప్రొఫైల్ గ్రిడ్‌లో ఇప్పుడు 3:4 గా చూపిస్తున్నారు, ఈ కొలతలో రెండు పక్కలా 34 పిక్సెళ్ల చొప్పున తెగుతాయి. కవర్ మీది అక్షరాలు అంచులకు 80 పిక్సెళ్లు లోపలే ఉండాలి. కుడివైపు పైమూలలో స్లైడ్ నంబరు వస్తుంది, అక్కడ ఏమీ రాయొద్దు.

తెలుగు అక్షరాలతో ఇంకో బాధ. 1080 పిక్సెళ్ల వెడల్పు ఫోన్‌లో 7 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. 50 పిక్సెళ్ల అక్షరం అక్కడ 3 మిల్లీమీటర్లు, దానిలో వత్తు ఇంకా చిన్నది. ఫోన్ మ్యాట్ పక్కన నేల మీద ఉంటుంది, కళ్లద్దాలు తీసేసి ఉంటారు. శ్వాస, జాగ్రత్త వాక్యాలు 60కి తగ్గకూడదు, ఆసనం పేరు 100 దాకా పోవచ్చు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు టెంప్లేట్‌లో ఉన్నట్టే వదిలేస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, 1.5 దాకా పెంచండి. అక్షరాల మధ్య ఎడం మాత్రం సున్నా. `Noto Sans Telugu`, `Mandali` రెండూ ఈ పనికి బావుంటాయి. అలంకారపు ఫాంట్లు పేరుకు మాత్రమే. 60 సైజులో వాక్యం మూడు వరుసలు దాటుతోందంటే అక్షరం తగ్గించొద్దు, వాక్యం తగ్గించండి.

"పూరకం, రేచకం" అన్న మాటలు కూడా స్లైడ్ మీద వద్దు. ఐదు స్లైడ్లలోనూ "పీలుస్తూ", "వదులుతూ" అనే రెండు మాటలే వాడండి. ఒకచోట "శ్వాస తీసుకోండి", ఇంకోచోట "ఇన్‌హేల్", మరోచోట "గాలి లోపలికి" అని రాస్తే ఆసనంలో ఉండి ఓరకంట చూసేవాళ్లు తడబడతారు. ఆ మాట వాక్యం మొదట్లోనే రావాలి, "చేతులు పైకెత్తుతూ శ్వాస పీల్చండి" అని చివర్లో కాదు. చివరికి వచ్చేసరికి చేతులు లేచిపోయి ఉంటాయి.

ఫొటోలు పక్క నుంచి, కెమెరా నడుము ఎత్తులో, మూడు మీటర్ల దూరం నుంచి. ఫోన్‌లో 0.5 లెన్స్ వాడితే చేతులు సాగి, నడుము వంపు అబద్ధం చెబుతుంది. నేల మీది ఆసనాలకు కెమెరా కూడా మోకాలి ఎత్తుకు దించండి. ఐదింటిలోనూ తల ఒకే వైపు ఉండాలి. గోడ రంగుకూ బట్టల రంగుకూ తేడా లేకపోతే వీపు గీత కనపడదు, వదులు చొక్కా వేసుకున్నా కనపడదు.

చివరి స్లైడ్‌లో ఐదు చిన్న బొమ్మలు, ఒక్కోదాని కింద పేరు, ఎన్ని శ్వాసలు. రెండోసారి నుంచి చేసేవాళ్లు దాన్నే చూస్తారు, సేవ్ చేసుకునేదీ అదే. అక్కడ కూడా అడుగు పట్టీ మరచిపోవద్దు. "థైరాయిడ్ తగ్గుతుంది", "షుగర్ మాయం" లాంటివి ఏ స్లైడ్‌లోనూ రాయకండి. ఐదు ఆసనాల మీద మోయలేని మాట అది, పైగా మాత్రలు మానేసేవాళ్లుంటారు. క్యాప్షన్‌లో షుగర్ గురించి రాయాల్సింది ఒకటుంది: ఇన్సులిన్ గానీ షుగర్ మాత్ర గానీ వేసుకుని ఏమీ తినకుండా సాధనకు కూర్చోవద్దని.

పోస్టు చేసే ముందు మీ విద్యార్థి కాని, యాభై దాటిన ఒకరికి ఫోన్ ఇచ్చి చేయమనండి. మీరు పక్కన కూర్చుని నోరు మెదపకూడదు. ఎక్కడ తల ఎత్తి మీ వైపు చూస్తారో ఆ స్లైడ్‌లో వాక్యం సరిగా లేదు. ఎక్కడ ఫోన్‌ను చేతిలోకి తీసుకుంటారో అక్కడ అక్షరం చిన్నది. మార్జాలాసనం నుంచి బోర్లా పడుకోవడానికి తికమకపడితే "మోకాళ్లు వెనక్కి జరిపి బోర్లా పడుకోండి" అని భుజంగాసనం పేరు కింద ఒక ముక్క చేర్చండి. ఇవన్నీ ముందే చూసుకోవాలి. పోస్టయ్యాక తప్పు స్లైడ్‌ను తీసేయవచ్చు గానీ, తీసేస్తే వరుసలో ఒక ఆసనం పోయి మిగతావాటి నంబర్లు తప్పుతాయి.

కామెంట్లలో "నాకు ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ ఉంది, చేయొచ్చా" అని తప్పకుండా అడుగుతారు. అవుననీ కాదనీ అక్కడ చెప్పకండి. నొప్పి కాలిలోకి పాకుతోందా అని మాత్రం అడగండి. పాకుతుంటే రెండో స్లైడ్ చూపించి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి. పాకడం లేదంటే స్కాన్ రిపోర్టు తీసుకుని తరగతికి ఒకసారి రమ్మనండి.